బరువెత్తగానే దండచేతిలో ఉండ: కండ తెగింది పైనా, కిందా?

బరువు ఎత్తగానే దండచేతిలో కండ ఉండలా ముడుచుకుపోయిందంటే, ఆపరేషన్ కావాలా వద్దా అన్న ప్రశ్నకు సగం జవాబు ఆ ఉండ ఎక్కడుందో చూస్తేనే దొరుకుతుంది. ఉండ కిందికి జారి మోచేతికి దగ్గరగా ఉంటే తెగింది పైన, భుజం దగ్గర. ఉండ భుజం వైపు ఎగబాకి, మోచేతి మడతకు పైన ఖాళీగా పల్లంగా కనిపిస్తుంటే తెగింది కింద, మోచేతి దగ్గర. పైన తెగినవాళ్లలో ఎక్కువమందికి ఆపరేషన్ అక్కర్లేదు. కింద తెగినవాళ్లలో చాలామందికి కావాలి, అదీ రెండు మూడు వారాల్లోపు అయితే మంచిది.

రెండింటినీ ‘బైసెప్స్ టెండన్ తెగింది’ అనే అంటారు. చిక్కంతా అక్కడే వస్తోంది. మేనమామకు అరవై దాటాక జబ్బలో ఇలాగే ఉండ వచ్చిందని, ఏమీ చేయకుండానే సర్దుకుందని ఇంట్లో ఎవరో చెప్తారు. అది నిజమే అయ్యుండొచ్చు. ఆయనకు పైన తెగింది. ఆ మాట నమ్మి, కింద తెగిన నలభై ఐదేళ్ల మనిషి నెల రోజులు నూనె రాసుకుంటూ కూర్చుంటే నష్టపోతాడు.

కండను ఎముకకు కట్టి ఉంచే గట్టి తెల్లటి పీచునే టెండన్ అంటారు. కండ ఎంత బలంగా ఉన్నా ఆ లాగుడు ఎముకకు చేరాలంటే టెండన్ గుండానే చేరాలి. బైసెప్స్‌కు పైన రెండు టెండన్లు, కింద ఒకటి ఉంటాయి. పైనున్న రెంటిలో పొట్టిది భుజం ముందున్న చిన్న ఎముక కొమ్ముకు అతుక్కుని ఉంటుంది. అది తెగడం చాలా అరుదు. పొడవుదానికే కష్టాలన్నీ. అది భుజం కీలు లోపల పుట్టి, దండచేతి ఎముక తలమీదుగా వంగి, ఎముక ముందున్న ఒక సన్నటి గాడిలోంచి కిందికి దిగుతుంది. చేయి ఎత్తిన ప్రతిసారీ, దించిన ప్రతిసారీ బావి గిలక మీద చేదతాడులాగా ఆ గాడిలో ఒరుసుకుంటూ ఉంటుంది. ఏళ్ల తరబడి అలా ఒరుసుకున్నాక పోగు పోగుగా పిగిలి, ఒకరోజు తెగుతుంది. బైసెప్స్ టెండన్ తెగిన కేసుల్లో తొంభై శాతానికి పైగా ఈ పొడవు టెండన్‌వే.

కింది టెండన్ ఒక్కటే. మోచేయి దాటి ముంజేతిలోకి వెళ్లి, బొటనవేలి వైపు ఉండే రేడియస్ అనే ఎముక మీద ఒక చిన్న బుడిపెకు అతుక్కుంటుంది. అది అతుక్కున్న తీరు వల్లే బైసెప్స్‌కు దాని అసలు పని వచ్చింది. బైసెప్స్ అంటే మోచేయి వంచే కండ అనే చాలామంది అనుకుంటారు. నిజానికి మోచేయి వంచడంలో పెద్ద పాత్ర దాని కిందే దాగి ఉన్న బ్రాకియాలిస్ అనే ఇంకో కండది. బైసెప్స్ ప్రత్యేకత ముంజేతిని తిప్పడం, అంటే నేలను చూస్తున్న అరచేతిని ఆకాశం వైపు తిప్పడం. ప్రసాదానికి చేయి చాపినప్పుడు, అన్నం ముద్ద నోటికి తెచ్చుకునేటప్పుడు, కుడిచేత్తో కుళాయి కట్టేసేటప్పుడు, స్క్రూ బిగించేటప్పుడు చేసే కదలిక ఇదే. ఈ ఒక్క విషయం గుర్తుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

ముందు పైన తెగిన సంగతి చూద్దాం. మనిషి సాధారణంగా యాభై దాటి ఉంటాడు. చాలాకాలంగా భుజం ముందు భాగంలో సన్నగా నొప్పి ఉంటుంది, రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేడు. ఒకరోజు సిలిండర్ ఎత్తుతుంటేనో, మోటారు తాడు లాగుతుంటేనో ‘టప్’మంటుంది. కొంతమందికి బరువు కూడా అక్కర్లేదు, బకెట్ పక్కకు జరిపినా తెగుతుంది. కాసేపు మంట, తర్వాత తిమ్మిరిగా నొప్పి. రెండు మూడు రోజుల్లో కండ కిందికి జారి గుండ్రంగా కనిపిస్తుంది. మోచేయి వంచితే ఇంకా స్పష్టంగా ఉబుకుతుంది. రిపోర్టులో ‘పొపాయ్ సైన్’ అని రాస్తే భయపడక్కర్లేదు, ఆ కార్టూన్ నావికుడి జబ్బలా కనిపిస్తుందని డాక్టర్లు పెట్టుకున్న పేరది.

వీళ్లలో కొందరు చెప్పే మాట వింటే వింతగా ఉంటుంది: ‘అది తెగాక పాత భుజం నొప్పి తగ్గింది.’ అందులో అబద్ధం లేదు. అరిగి, వాచి, ప్రతి కదలికకూ ఒరుసుకుంటూ నొప్పి పుట్టించింది ఆ టెండనే. అది తెగి కీలులోంచి బయటపడ్డాక నొప్పి పుట్టించేది పోయింది. అంతెందుకు, భుజం ఆపరేషన్ చేస్తున్నప్పుడు ఈ టెండన్ బాగా పాడైనట్టు కనిపిస్తే, పెద్ద వయసువాళ్లలో సర్జన్లే దాన్ని కావాలని కోసి వదిలేస్తారు. దాన్ని టెనోటమీ అంటారు. డాక్టర్లు చేతులారా చేసే పని ప్రమాదవశాత్తూ తనంతట తానే జరిగితే, దాన్ని మళ్లీ కుట్టాల్సిందేనని పట్టుపట్టడంలో అర్థం లేదు.

పొట్టి టెండన్ ఇంకా అతుక్కునే ఉంది, కింది టెండన్ చెక్కుచెదరలేదు కాబట్టి పనికి పెద్ద లోటు ఉండదు. కుట్టకుండా వదిలేస్తే ముంజేయి తిప్పే బలం సుమారు 20 శాతం తగ్గుతుందని, మోచేయి వంచే బలం అంతకంటే చాలా తక్కువగానే తగ్గుతుందని కొలిచి చూసినవాళ్లు చెప్పారు. ఇంటి పనులు చేసుకుంటూ, బండి నడుపుతూ, మనవణ్ణి ఎత్తుకుంటూ తిరిగే మనిషికి ఆ తేడా తెలియను కూడా తెలియదు. కొన్ని నెలలపాటు పని ఎక్కువైనప్పుడు ఆ ఉండలో కండ పట్టేసినట్టు ఉంటుంది, తర్వాత అదీ తగ్గుతుంది. ఉండ మాత్రం పోదు. ఎన్ని ఎక్సర్‌సైజులు చేసినా కండ తిరిగి పైకి ఎక్కదు. ఈ మాట డాక్టర్ మొదటిరోజే చెప్పేస్తే పేషెంటు ఆర్నెల్ల తర్వాత ‘ఇంకా తగ్గలేదేమిటి’ అని టెన్షన్ పడడు.

చికిత్స మామూలుదే. నాలుగైదు రోజులు చేతిని స్లింగ్‌లో ఉంచడం, మొదటి రెండు మూడు రోజులు గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను ఇరవై నిమిషాల చొప్పున పెట్టడం, నొప్పి మాత్రలు. ఆ తర్వాత భుజం బిగుసుకుపోకుండా ఫిజియోథెరపీ మొదలుపెడతారు. నెల, నెలన్నరలో రోజువారీ పనులకు తిరిగి వెళ్లొచ్చు.

అయితే ఒక మెలిక ఉంది. పొడవు టెండన్ అంతగా అరిగిందంటే, దాని పక్కనే భుజాన్ని కప్పి ఉండే రొటేటర్ కఫ్ టెండన్లు కూడా చిరిగి ఉండే అవకాశం బాగా ఉంది. అది అసలు జబ్బు, ఉండ దాని తోక అన్నమాట. కనుక ఉండ చూసి ‘ఏం పర్లేదు’ అనేసే ముందు, చేయి తలపైకి ఎత్తగలుగుతున్నాడా, పక్కకు చాపిన చేతిని అలాగే నిలపగలుగుతున్నాడా, రాత్రి నొప్పి ఉందా చూడాలి. ఇక్కడ తేడా కనిపిస్తే భుజానికి అల్ట్రాసౌండ్ లేదా ఎంఆర్‌ఐ చేయించాలి. అప్పుడు ఆపరేషన్ అవసరమైతే అది కఫ్ కోసం. పొడవు టెండన్ సంగతి ఆ పనిలో భాగంగానే చూస్తారు.

పైన తెగినా ఆపరేషన్ అడగదగినవాళ్లు కొందరున్నారు. వయసులో ఉన్నవాళ్లు, రోజంతా స్క్రూడ్రైవర్‌తోనో స్పానర్‌తోనో చేయి తిప్పుతూ బతికేవాళ్లు, క్రీడాకారులు, జబ్బ ఆకారం చెడితే భరించలేని బాడీబిల్డర్లు. వీళ్లకు కిందికి జారిన కొసను పైకి లాగి దండచేతి ఎముకకే బిగిస్తారు. దాని పేరు టెనోడెసిస్. ఆకారం కోసమే అడిగేవాళ్లను తప్పుపట్టే పని లేదు కానీ, ఆ నిర్ణయం కొద్ది వారాల్లో తీసుకోవాలి. నెలలు గడిచేకొద్దీ కండ పొట్టిబడి, కొస చుట్టూ మచ్చకట్టి, పాత ఆకారం తేవడం కష్టమవుతుంది.

ఇక కింద తెగిన కథ వేరు. ఇది తక్కువమందికి వస్తుంది. అమెరికాలో 2002లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ఏడాదికి లక్షమందిలో ఒకరికి కాస్త పైన. దాదాపు అందరూ మగవాళ్లే, ఎక్కువగా ముప్పై నుంచి అరవై ఏళ్ల మధ్యవాళ్లు. అదే అధ్యయనంలో పొగతాగేవాళ్లకు ఈ ప్రమాదం ఏడున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. రేడియస్ బుడిపె దగ్గర టెండన్‌కు రక్తం అందేదే అంతంతమాత్రం. పొగ దాన్ని ఇంకా తగ్గిస్తుంది.

తెగే తీరు దాదాపు ఎప్పుడూ ఒకటే. మోచేయి వంచి, అరచేయి పైకి పెట్టి ఏదో బరువు పట్టుకుని ఉంటారు. ఆ బరువు ఉన్నట్టుండి కిందికి లాగుతుంది. కండ వంచాలని బిగబట్టి ఉండగానే చేయి బలవంతంగా చాచుకుపోతుంది. ఆ రెండు లాగుళ్ల మధ్య టెండన్ ఎముక దగ్గర ఊడివస్తుంది. జిమ్‌లో డెడ్‌లిఫ్ట్ చేసేవాళ్లు ఒక అరచేయి తమవైపు, ఇంకోటి ముందుకు పెట్టి రాడ్డు పట్టుకుంటారు. తెగేది దాదాపు ఎప్పుడూ అరచేయి ముందుకున్న చేతికే. కారణం పైన చెప్పిందే, ఆ భంగిమలో బైసెప్స్ పూర్తిగా పనిలో ఉంటుంది.

ఒక కేసు తీసుకుందాం. 46 ఏళ్ల కార్పెంటర్, కుడిచేతి వాటం, సిగరెట్ అలవాటు. కొత్త ఇంటికి టేకు గుమ్మం నిలబెడుతుండగా అది ముందుకు ఒరిగింది. కింద నుంచి రెండు చేతులతో కాచుకున్నాడు. కుడి మోచేతిలో గట్టిగా ‘టప్’మన్న శబ్దం పక్కన ఉన్న హెల్పర్‌కూ వినిపించింది. పది నిమిషాలు మంట పెట్టి తగ్గింది. సాయంత్రానికి మోచేతి ముందు వాపు, మర్నాటికి మోచేతి మడత నుంచి ముంజేతి లోపలి వైపుగా కమిలి నల్లబడింది.

దగ్గరలోని డాక్టర్ ఎక్స్‌రే తీయించాడు. ఎముక బాగానే ఉంది. ‘కండ బెణికింది’ అని క్రేప్ బ్యాండేజ్ కట్టి, వారానికి మాత్రలు ఇచ్చి పంపాడు. కార్పెంటర్ కూడా నమ్మాడు, ఎందుకంటే చేయి వంగుతోంది. అన్నం తింటున్నాడు, బండి నడుపుతున్నాడు. టెండన్ పూర్తిగా తెగితే చేయి ఎలా వంగుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. బ్రాకియాలిస్ ఉండగా వంగకేం? కింద తెగిన కేసులు ఎక్కువగా తప్పిపోయేది సరిగ్గా ఇక్కడే. టెండన్ ఎక్స్‌రేలో కనిపించదు, చేయి వంగుతుంది, వారానికి నొప్పి తగ్గుతుంది. మూడూ కలిసి అంతా బాగుందనిపిస్తాయి.

పదో రోజున పనిలోకి వెళ్లాడు. రంపం లాగగలిగాడు. స్క్రూ దగ్గరికి వచ్చేసరికి కుడిచేయి మొరాయించింది. మొదటి రెండు మూడు తిప్పుళ్లు పడ్డాయి, ఆఖరి బిగింపు రాలేదు, ముంజేయి లాగేసింది. విచిత్రమేమిటంటే స్క్రూ విప్పడం మాత్రం ఎప్పటిలాగే వచ్చింది. కుడిచేత్తో బిగించడం అంటే అరచేయి పైకి తిప్పే కదలిక, అది బైసెప్స్ పని. విప్పడం దానికి వ్యతిరేక దిశ, వేరే కండల పని. ఈ ఒక్క తేడా వింటేనే తెలిసిన డాక్టర్‌కు జబ్బు సగం దొరికిపోతుంది.

పదహారో రోజున ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గర కూర్చున్నాడు. ఆయన ముందు రెండు చేతులనూ పక్కపక్కన పెట్టి చూశాడు. మోచేతి మడత గీత నుంచి కండ ఉబ్బు మొదలయ్యే చోటుకు ఎంత దూరమో టేపుతో కొలిచాడు. ఎడమచేతిలో 5 సెంటీమీటర్లు, కుడిచేతిలో 7.5. ఈ దూరం 6 సెంటీమీటర్లు దాటినా, మంచి చేతికంటే ఐదోవంతు మించి ఎక్కువున్నా అనుమానించాలని ఒక కొలమానం ఉంది. ఇంట్లో టేపు లేకపోతే వేళ్లతో కొలిచినా రెండు చేతుల మధ్య తేడా తెలుస్తుంది.

తర్వాత హుక్ టెస్ట్. మోచేయి తొంభై డిగ్రీలు వంచి, అరచేయి పైకి బలంగా తిప్పి పట్టుకోమన్నాడు. తన చూపుడువేలిని కొక్కెంలా వంచి, బొటనవేలి వైపు నుంచి మోచేతి మడతలోకి పోనిచ్చాడు. మంచి చేతిలో వేలు సెంటీమీటర్ దాకా టెండన్ కిందికి దూరి, దాన్ని ముందుకు లాగితే బిగుతుగా తగులుతుంది. కుడిచేతిలో వేలు ఖాళీలోకి పోయింది, పట్టుకోవడానికి ఏమీ లేదు. వేలు ఏ వైపు నుంచి పెడుతున్నారన్నది ఇక్కడ ముఖ్యం. బైసెప్స్ నుంచి చిటికెనవేలి వైపుకు పలుచటి పట్టీలాంటి పొర ఒకటి పోతుంది. అసలు టెండన్ తెగినా ఆ పట్టీ మిగిలి ఉండొచ్చు. చిటికెనవేలి వైపు నుంచి వేలు పెడితే ఆ పట్టీ తగిలి, టెండన్ ఉన్నట్టే భ్రమ కలుగుతుంది. ఆ పట్టీ కండను పైకి పోనీయకుండా పట్టి ఉంచడం వల్ల ఉండ కూడా కొందరిలో అంతగా కనిపించదు. ఉండ లేదని కింద తెగలేదనుకోవడానికి వీల్లేదు.

కమిలిన నలుపు కూడా తప్పుదారి పట్టించగలదు. పైన తెగినప్పుడు కారిన రక్తం రెండు మూడు రోజుల్లో చర్మం కింద జారి మోచేతి దాకా దిగుతుంది. మోచేతి దగ్గర నల్లబడింది కాబట్టి తెగింది కిందేనని అనుకోకూడదు. నలుపు కంటే ఉండను నమ్మాలి, ఉండ కంటే హుక్ టెస్ట్‌ను నమ్మాలి.

హుక్ టెస్ట్ ఇంత స్పష్టంగా ఉంటే కొందరు సర్జన్లు ఎంఆర్‌ఐ లేకుండానే ఆపరేషన్‌కు సిద్ధమవుతారు. ఈ కార్పెంటర్‌కు చేయించారు. టెండన్ పూర్తిగా ఊడి, కొస కొన్ని సెంటీమీటర్లు పైకి పోయిందని వచ్చింది. ఎంఆర్‌ఐ నిజంగా కావాల్సింది సగం తెగినప్పుడు. అప్పుడు వేలికి టెండన్ తగులుతుంది కానీ లాగితే నొప్పి పుడుతుంది. సగం లోపు తెగితే మామూలుగా విశ్రాంతి, ఫిజియోథెరపీతోనే చూస్తారు. సగం దాటినా, నెలలు గడిచినా నొప్పి తగ్గకపోయినా అప్పుడు ఆపరేషన్ మాట వస్తుంది.

ఆపరేషన్ చేయకపోతే ఏమవుతుందని కార్పెంటర్ అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. ముంజేయి తిప్పే బలం సుమారు 40 శాతం, మోచేయి వంచే బలం సుమారు 30 శాతం పోతుంది. ఒక్కసారి చేసే బలం కంటే ఎక్కువ దెబ్బ తగిలేది ఓపికకు, అంటే అదే పని మళ్లీ మళ్లీ చేయడానికి. ఒక స్క్రూ బిగించొచ్చు. ఒక తలుపుకు ఇరవై స్క్రూలు బిగించాలంటే చేయి పడిపోతుంది. కూలి మీద బతికే మనిషికి ఈ లెక్క చాలు.

పందొమ్మిదో రోజున ఆపరేషన్ జరిగింది. చేతికి మత్తు ఇచ్చి, మోచేతి మడతకు కాస్త కింద ముంజేతి ముందు చిన్న కోత పెట్టారు. పైకి పోయి ముడుచుకున్న కొసను వెతికి కిందికి లాగి, పాడైన అంచు కత్తిరించి, గట్టి దారంతో అల్లినట్టు కుట్టారు. ముంజేతిని పూర్తిగా పైకి తిప్పి ఉంచి రేడియస్ బుడిపెలో రంధ్రం చేశారు. దారాలు చిన్న లోహపు బటన్‌కు ఎక్కించి, రంధ్రంలోంచి అవతలికి పంపి అడ్డం తిప్పారు. చొక్కా గుండీ కాజాలోంచి దూరి అడ్డం తిరిగినట్టే అది వెనక్కి రాదు. దారం బిగించేసరికి టెండన్ కొస ఎముక లోపలికి వచ్చి కూర్చుంది. ఇలా బటన్‌తో కాకుండా యాంకర్లతో, స్క్రూతో బిగించేవాళ్లూ ఉన్నారు. ఏది వాడాలన్నది సర్జన్ చేతివాటం మీద వదిలేయడం మంచిది. పేషెంటు దాని మీద గూగుల్ చేసి రాత్రులు మేలుకోవడం అనవసరం.

పేషెంటు తెలుసుకోవాల్సింది ఏం తేడా రావచ్చన్నది. అన్నిటికంటే తరచుగా వచ్చేది ముంజేతి బయటి వైపు చర్మం తిమ్మిరెక్కడం. కోత దారిలో ఉండే చర్మపు నరం లాగబడటం వల్ల వస్తుంది, ఎక్కువమందికి వారాల నుంచి నెలల్లో తగ్గిపోతుంది. అరుదైనది, కానీ పెద్దది ఇంకోటి ఉంది. వేళ్లను, బొటనవేలిని చాచే నరం రేడియస్ వెనకగా పోతుంది. మత్తు దిగాక బొటనవేలు పైకి ఎత్తలేకపోతే, వేళ్లు వేలాడుతుంటే ‘రేపటికి సర్దుకుంటుందిలే’ అని ఊరుకోకుండా వెంటనే చెప్పాలి. ముందొకటి, వెనకొకటి రెండు కోతలు పెట్టే పద్ధతిలో ముంజేతి రెండు ఎముకల మధ్య కొత్త ఎముక పెరిగి చేయి తిరగడం తగ్గే ప్రమాదం కొంచెం ఎక్కువ. కుట్టింది మళ్లీ ఊడటం అరుదే. ఊడితే ఎక్కువగా మొదటి వారాల్లో, ‘నొప్పి లేదు కదా’ అని బరువు పట్టినప్పుడే ఊడుతుంది.

కార్పెంటర్‌కు మొదటి పది రోజులు మోచేయి వంచి స్ప్లింట్ వేశారు. తర్వాత మడత బందు ఉన్న బ్రేస్‌తో వారం వారం కొంచెం చాచనిచ్చి, ఆరు వారాలకు పూర్తిగా చాచేలా తెచ్చారు. ఈ ఆరు వారాలూ ఆ చేత్తో టీ గ్లాసు కంటే బరువైనది పట్టొద్దన్నారు. నిండు బకెట్ సంగతి సరే, తలుపు బలంగా లాగడం కూడా వద్దు. రెండున్నర నెలలు దాటాక తేలికపాటి బరువులతో బలం పెంచడం మొదలైంది. ఐదో నెలలో మళ్లీ గుమ్మాల పని. ఈ ఐదు నెలలు సంపాదన ఎలా అన్నది ఆపరేషన్‌కు ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. డబ్బు అవసరం పడి రెండో నెలలోనే రంపం పట్టిన మనిషికి ఎంత చక్కగా కుట్టినా లాభం లేదు.

కింద తెగిన ప్రతి ఒక్కరికీ కత్తి పెట్టాల్సిందే అనడం కూడా సరికాదు. డెబ్బై దాటి, చేత్తో బరువు పనులు లేని మనిషికి, గుండెజబ్బు వల్ల మత్తు ఇవ్వడమే రిస్క్ అనుకునేవాళ్లకు, తెగింది వాటం లేని చేతికి అయి రాసుకోవడం, టైపింగ్ తప్ప వేరే పని లేనివాళ్లకు ఆపరేషన్ వద్దనుకోవడం తెలివైన నిర్ణయమే కావచ్చు. ఎడమచేతి వాటం లేనివాళ్లు ఎడమచేత్తో స్క్రూ బిగించేది ఎంత? నొప్పి కొన్ని వారాల్లో పోతుంది, మిగిలిన కండలు కొంత బలం తెచ్చుకుంటాయి. నా దృష్టిలో తప్పు ఆపరేషన్ వద్దనుకోవడం కాదు, వద్దనుకునే అవకాశం కూడా లేకుండా గడువు దాటిపోవడం. ఎముక విరిగినప్పుడు పుత్తూరు కట్టుకు వెళ్లే అలవాటు మన దగ్గర ఉంది. కానీ ఎముక నుంచి ఊడి నాలుగు వేళ్ల పైకి పోయిన టెండన్ కొస ఏ కట్టుకూ, ఏ మర్దనకూ తిరిగి కిందికి రాదు. తాజాగా తెగినచోట గట్టిగా పిసికితే రక్తం ఇంకా కారి వాపు పెరుగుతుంది.

పైనైనా, కిందైనా టెండన్‌ను ముందే బలహీనం చేసేవి కొన్నున్నాయి. పొగ సంగతి చెప్పుకున్నాం. జిమ్‌లో కొందరు తీసుకునే అనబాలిక్ స్టెరాయిడ్లు కండను టెండన్ మోయగలిగినదానికంటే త్వరగా పెంచుతాయి. ఇంకోటి మందుల షాపులో చీటీ లేకుండా అడిగి కొనుక్కునే సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ జాతి యాంటీబయాటిక్‌లు. వీటి వల్ల టెండన్లు వాచడం, తెగడం జరుగుతుందని 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మందు సమాచార పత్రంలో నల్లగీతల గడిలో హెచ్చరిక తప్పనిసరి చేసింది. అరవై దాటినవాళ్లలో, ఆస్తమాకో కీళ్లవాతానికో స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్లలో ఆ ప్రమాదం ఎక్కువ. మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కు ఆ కోర్సు వాడుతుండగా భుజంలోనో మడమ వెనకో కొత్తగా నొప్పి మొదలైతే డాక్టర్‌కు చెప్పి మందు మార్పించుకోవాలి, బరువులు ఎత్తకూడదు.

ఉండ అనగానే టెండనే అనుకోకూడదని కూడా చెప్పాలి. టెండన్ తెగిన ఉండకు ఒక రోజు, ఒక క్షణం ఉంటుంది. ఏ దెబ్బా లేకుండా వారాలు, నెలల తరబడి నెమ్మదిగా పెరుగుతున్న గడ్డ, కండ బిగించినా వదిలినా ఒకేలా ఉండే గడ్డ వేరే సంగతి. దాన్ని పాత బెణుకని వదిలేయకుండా స్కాన్ చేయించాలి.

ఆలస్యంగా వచ్చినవాళ్లకు దారి మూసుకుపోదు కానీ ఇరుకవుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు దాటితే కండ పొట్టిబడి, టెండన్ కొస మచ్చలో కూరుకుపోయి, ఎముక దాకా అందడం కష్టమవుతుంది. కోత పెద్దదవుతుంది, నరాలకు దెబ్బ తగిలే అవకాశం పెరుగుతుంది. చాలామందిలో మోచేయి బాగా వంచి పట్టుకుంటే కొస అందుతుంది, తర్వాత అది మెల్లగా సాగుతుంది. అసలే అందకపోతే తొడ వెనక నుంచి తీసిన టెండన్ ముక్కనో, దాత నుంచి వచ్చినదాన్నో మధ్యలో అతికి పొడవు పెంచుతారు. బలం బాగానే తిరిగొస్తుంది కానీ కోలుకోవడానికి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. మూడు నెలల తర్వాత వచ్చిన పేషెంటుతో ఈ చర్చ అరగంట పడుతుంది. వారంలోపు వచ్చినవాడికైతే తేదీ ఖాయం చేసుకుంటే సరిపోతుంది.